నేను చూసినంత వరకు

కరోల్ బాగ్, ఢిల్లీ
ఏప్రిల్ 17, 1979

ప్రియమైన మీకు,

మీరూ, అత్తమ్మా, పాపా క్షేమమని తలుస్తాను. ప్రభువు దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది గానీ మనసులో మాత్రం బాగాలేదండీ. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె ఆగిపోయేట్టుంది. తోటి నర్సు సీతారత్నంతో ఒక గదిలో ఉంటున్నా ఈ సంగతి ఆమెతో అనలేను. ఆమె కూడా అందరి వైపే.

పోయిన ఏడాది సెలవుల్లో వచ్చినప్పుడు మీరు సువార్తమ్మగారి చేతి కూర తిని రెండోసారి వడ్డించుకున్నారు, గుర్తుందా? మన తెలుగు సంఘం గుడి వెనక గదిలో ఉండే బాపట్ల ముసలమ్మ. ముందూ వెనకా ఎవరూ లేరు. ప్రేమవిందు ఎప్పుడు పెట్టినా వంట ఆవిడదే. మొన్న ఈస్టర్‌కి కూడా ఆవిడే వండింది. ఆరాధన అయ్యి జనం షామియానా కింద కూర్చుని ముద్ద ఎత్తుతుండగానే ఒకరి తర్వాత ఒకరు వాంతులు. పిల్లలు నేల మీద పడి గిలగిలలాడుతుంటే నేను ఎవరిని పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ పరిగెత్తాను. చాలామంది సాయంత్రానికి తేరుకున్నారు. అమోసు కూతురు హెప్సిబా మాత్రం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆరేళ్ళ పిల్లండీ, మన పాప ఈడు.

అంతే, అందరూ సువార్తమ్మగారి మీద పడ్డారు. నిల్వ మాంసం వండిందన్నారు. చేతులు కడగదన్నారు. ఎప్పుడో క్షయ వచ్చిందట, అది దాచిందన్నారు. మన గుడి గోడకి పలక ఉంది చూశారూ, నోటితో గొణుక్కునే బదులు పేరూ ఊరూ పెట్టి రాయండని పాస్టరు అయ్యగారు కాగితం అంటించే పలక? ఆదివారం సాయంత్రానికే అది సగం పైగా నిండిపోయింది. అమోసు రాతే అన్నిటికన్నా పెద్దది. “ఈమె నా బిడ్డను చంపబోయింది” అని రాశాడు. కింద వరసగా సంతకాలు. నెలాఖరున అయ్యగారు తీసేదాకా ఆ కాగితం ఎవరూ చింపకూడదు, కొట్టెయ్యకూడదు. కార్యదర్శి కోటయ్యగారైతే నెలాఖరు ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్యాలని ఆవిడతో చెప్పేశారు.

ఆ తెల్లవారుజామున వంటసాలలో ఉల్లిపాయలు తరిగింది నేనేనండీ. మాంసం కడగడం నా కళ్ళతో చూశాను. నేనొక్క మాట రాస్తే? రాద్దామనుకుంటే చెయ్యి రావడం లేదు. మీరేమంటారు? తిరుగు టపాలో రాయండి.

పాపకి ముద్దులు.

మీ
జయ

రేపల్లె
ఏప్రిల్ 21

ప్రియమైన జయకి,

నీ ఉత్తరం బడిలో ఇచ్చాడు పోస్టుమాన్. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు రాయమని చెప్పి కిటికీ దగ్గర నిలబడి చదివాను.

నీకు దండం పెడతాను, రాయకు. ఆ పలక మీద నోటిమాట కాదు, సిరా. నెలాఖరు దాకా వచ్చినవాడల్లా చదువుతాడు. ఊరు కాని ఊళ్ళో మనవాళ్ళంటూ మనకున్నది ఆ పాతిక కుటుంబాలే. నీకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేదీ వాళ్ళే, రేపు నాకు అక్కడ ఏదైనా బడిలో చోటు చూపించాల్సిందీ వాళ్ళే. సువార్తమ్మగారు మంచావిడే, కాదనను. చాటుగా వెళ్ళి ధైర్యం చెప్పు, కాస్త చక్కెరో పాలపొడో ఇచ్చి రా. దానికెవరూ ఏమీ అనరు.

నన్ను పిరికివాడంటావు. అవును, పిరికివాణ్ణే. పెళ్ళి చూపుల్లోనే ఆ సంగతి నీకు తెలిసిందని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. పాప నీ ఫోటోకి రోజూ బొట్టుబిళ్ళలు అంటిస్తోంది, వద్దంటే వినదు.

రాయలేదని వెంటనే ఒక కార్డు పడెయ్యి. అది వచ్చేదాకా నాకు అన్నం సయించదు.

నీ
సాలొమోను

కరోల్ బాగ్
ఏప్రిల్ 23

ప్రియమైన మీకు,

మీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగాల్సింది, ఆగలేకపోయాను. నిన్న ఆదివారం రాసేశాను. తిట్టేముందు మొత్తం చదవండి.

శనివారం సువార్తమ్మగారి దగ్గరికి వెళ్ళాను. గిన్నెలన్నీ తోమి బోర్లించి, చాప చుట్టి తాడు కట్టుకుని కూర్చుంది. ఎక్కడికి వెళ్తారమ్మా అంటే, తెలిస్తే చెప్పనా అమ్మాయ్ అంది. ఇంటికొచ్చి కోపంతో ఒక పేజీ నిండా రాశాను. మీరంతా కళ్ళున్న గుడ్డివాళ్ళనీ, ఇన్నేళ్ళు ఆవిడ చేతి ముద్ద తిని ఇదా మీ విశ్వాసమనీ. అమోసుకైతే బాగా తగిలించాను. రాస్తుంటే హాయిగానే ఉందండీ. మళ్ళీ చదువుకుంటే అందులో సువార్తమ్మగారు ఎక్కడా లేదు. నేనూ, నా కోపమే ఉన్నాం. ఇది చదివితే ఆ పాతిక ఇళ్ళవాళ్ళూ నా మీద కసితో ఇంకో నాలుగు మాటలు రాస్తారు, అవి మళ్ళీ పడేది ఆవిడ మీదే. ఒకసారి అందరిలో తిట్టించుకున్నాక తన మాట వెనక్కి తీసుకోవాలంటే ఎవరికైనా ఎంత నామోషీ! పైగా అమోసు పిల్ల ప్రాణం మీదున్నప్పుడు రాశాడు. ఆ స్థితిలో నేనుంటే ఏం రాద్దునో.

ఆ కాగితం పొయ్యిలో పెట్టి మళ్ళీ రాశాను. చూసింది రాయడం, చూడనిది చూడలేదని చెప్పడం, ఎవరి పేరూ ఎత్తకపోవడం, చివర ఒక్కటి అడగడం. పలక మీద రాసింది ఇది:

“సువార్తమ్మగారి గురించి నేను చూసినంత వరకు. ఈస్టర్ తెల్లవారుజామున నేను వంటసాలలో ఉన్నాను. మాంసం అప్పుడే తెచ్చారు. ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుని, వేణ్ణీళ్ళు కాచి మాంసం కడిగారు. ఉప్పు చూడమంటే ఆ కూర నేనూ తిన్నాను, నాకేమీ కాలేదు. అంతమాత్రాన కూరలో ఏమీ లేదని నేను తేల్చి చెప్పలేను. ఆరాధన మొదలయ్యాక గుడిలోకి వెళ్ళాను, ఆ తర్వాత వంటసాలలో ఏం జరిగిందో నాకు తెలియదు. పిల్లలు పడిపోయినప్పుడు తల్లిదండ్రుల భయం చూశాను. కారణం కావాలని వాళ్ళు అడగడం న్యాయం, నేనూ అడుగుతున్నాను. ఆ కారణం తెలిసేదాకా సువార్తమ్మగారిని గదిలో ఉండనివ్వమని కమిటీ పెద్దల్ని వేడుకుంటున్నాను. కె. జయకుమారి, రేపల్లె.”

రాస్తున్నప్పుడు వెనక జనం మాటలు ఆగిపోయాయి. వీపు మీద చూపులు తెలుస్తాయంటే ఏమో అనుకునేదాన్ని, నిజమేనండీ. బయటికొచ్చాక ఎవరూ పలకరించలేదు. సీతారత్నం వేరే బస్సులో వచ్చింది.

కోప్పడినా సరే, ఉత్తరం మాత్రం రాయండి.

మీ
జయ

రేపల్లె
ఏప్రిల్ 27

ప్రియమైన జయకి,

వద్దని నేను రాసేసరికే నువ్వు రాసేశావన్నమాట. ఉత్తరం చించి మొదటి వాక్యం చదవగానే అరుగు మీద కూలబడ్డాను. అమ్మ మజ్జిగ తెచ్చి తాగించింది.

కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను జయా. తప్పుపట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని బడి పంతులు బుద్ధితో వెతికాను, దొరకలేదు. అదే నాకు ఎక్కువ భయం. తిట్టినవాణ్ణి జనం తిట్టి వదిలేస్తారు. ఇలా మెత్తగా నిజం చెప్పినవాళ్ళని ఏం చెయ్యాలో తెలియక ఏమైనా చేస్తారు. వంటసాలలో ఉన్నానని నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. రేపు నిన్నూ అందులో కలిపితే?

ఇక ఒక్క అక్షరం కూడా రాయకు. వాళ్ళేం రాసినా జవాబు ఇవ్వకు. సెలవు దొరికితే కొన్నాళ్ళు ఇంటికొచ్చెయ్యి. నీ పేరు మీద పాప ప్రార్థన చేస్తోంది, ఎందుకని మాత్రం అడగలేదు.

నీ
సాలొమోను

కరోల్ బాగ్
మే 1

ప్రియమైన మీకు,

మీరు భయపడ్డదే అయింది. నెలాఖరు ఆదివారం గుడికి వెళ్తే నా రాత కింద వరసగా రాశారు. వారం మధ్యలో వచ్చి మరీ రాశారు. వంటసాలలో నువ్వూ ఉన్నావుగా, నర్సువి, ఆసుపత్రి రోగాలు నువ్వే మోసుకొచ్చావేమో అని ఒకరు. ముసలమ్మ గది తరవాత నీకిస్తానందా అని ఇంకొకరు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఒక్కొక్కరికీ సమాధానం నాలుక చివరే ఉంది. మింగేశాను. రాయడం కన్నా రాయకుండా ఉండడం కష్టమని అప్పుడు తెలిసింది.

ఒక్కదానికి మాత్రం రాశాను, తిట్టకండి. హనుమాయమ్మగారు, ఆ రోజు నాతో ఉల్లిపాయలు తరిగినావిడ, “జయకుమారి చెప్పింది అబద్ధం, సబ్బు లేదు, అయిపోయింది” అని రాసింది. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంటే నిజమే. సువార్తమ్మగారు పొయ్యిలో బూడిద తీసి రుద్దుకుంది. “హనుమాయమ్మగారు చెప్పింది నిజం, నేను పొరపాటు రాశాను. బూడిదతో కడుక్కున్నారు” అని రాసి మళ్ళీ సంతకం పెట్టాను. చాలా సిగ్గేసింది. కానీ హనుమాయమ్మగారు నా పక్కనే నిలబడి అది చదివి, కడుక్కున్న మాట మాత్రం నిజమేలే అని అందరూ వినేట్టు అంది. ఈ రెండు వారాల్లో సువార్తమ్మగారి తరఫున ఇంకొకరు పలకడం అదే మొదలు. కోటయ్యగారు విని, ఖాళీ చెయ్యడం ఇంకో వారం వాయిదా వేశారు. కాగితం కూడా అప్పటిదాకా ఉంచి, కింద ఇంకోటి అంటించమని అయ్యగారు చెప్పారు.

ఇక భయం సంగతి. ఎవరో నాకేదో రోగం ఉందని మా ఆసుపత్రి మేట్రన్‌కి పేరు లేని ఉత్తరం రాశారు. నిన్న పిలిచి, పరీక్షలన్నీ అయ్యి రిపోర్టులు వచ్చేదాకా వార్డులోకి రావద్దంది. ఏదైనా తేడా వస్తే ఉద్యోగం పోయినట్టే. గదిలో కూర్చుంటే మెట్ల మీద చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను.

ఊరికే కూర్చోలేక హెప్సిబాని చూడ్డానికి వెళ్ళాను. పిల్ల పచ్చగా కామెర్లతో ఉంది. అక్కడి డాక్టరు నేను నర్సునని తెలిసి అడిగాడు, వాంతి ఏ రంగులో ఉందని. ఆకుపచ్చగా, నీలంగా అని చెప్పాను. తిన్న ఎంతసేపటికి అన్నాడు. అప్పుడు తట్టిందండీ, మొదట పడ్డవాళ్ళు ముద్ద నోట్లో పెట్టకముందే పడిపోయారు. విస్తళ్ళలో అన్నం పెట్టకముందు మజ్జిగ ఇచ్చారు, అది తాగినవాళ్ళే పడిపోయారు. నేను తాగలేదు. ఏ పాత్రలో పోశారు అన్నాడు. సువార్తమ్మగారు కుండల్లో కలిపి నిమ్మకాయలు పిండడం నేను చూశాను. కానీ షామియానా కింద పంచింది ఇత్తడి గంగాళంలోంచి. కళాయి పోయిన ఇత్తడిలో పుల్లటి మజ్జిగ ఆరాధన అయ్యేదాకా ఉంటే చిలుమంతా అందులోకి దిగుతుంది, అదే విషం అన్నాడు డాక్టరు. ఇప్పుడు మందు మార్చారు.

అద్దె సామాన్ల కొట్టునించి ఆ గంగాళం తెచ్చింది ఎవరో తెలుసా? అమోసు. బిడ్డ మంచం పక్కనే కూర్చుని మా మాటలన్నీ విన్నాడు. తల ఎత్తలేదు.

నాకు భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

మీ
జయ

రేపల్లె
మే 5

ప్రియమైన జయా,

ఇంకా ఆలోచన ఎందుకు? వెంటనే వెళ్ళి అమోసు పేరు రాయి. గంగాళం తెచ్చింది వాడే, కేకలేసిందీ వాడే. ఒక్క వాక్యంతో సువార్తమ్మగారికి గది నిలుస్తుంది, నీ ఉద్యోగమూ నిలుస్తుంది. రాయొద్దని ఇన్నాళ్ళు బతిమాలిన నేనే చెబుతున్నాను, రాయి. నీ మీద రాసినవాళ్ళంతా తలదించుకోవాలి. రాత్రి పడుకుంటే ఆ మేట్రన్ నిన్ను గేటు బయటికి పంపుతున్నట్టే కనిపిస్తోంది.

ఈ ఉత్తరం వీలైనంత త్వరగా అందాలని స్టేషనుకెళ్ళి రైలు టపాలో వేస్తున్నాను.

నీ
సాలొమోను

కరోల్ బాగ్
మే 8

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఆదివారం దాటాకే అందింది. ముందే అందినా మీ మాట వినేదాన్ని కాదేమో, మన్నించండి.

రాయాలని నాకూ అనిపించింది. శనివారం పెన్ను జాకెట్టులో పెట్టుకుని కూడా బయల్దేరాను. బస్సులో ఆలోచిస్తే, అమోసు పేరు రాసిన నిమిషంలో ఆ పలక మీది జనమంతా సువార్తమ్మగారిని వదిలి అతని మీద పడతారు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న తండ్రి మీద. అలాగని నోరు మూసుకుంటే ముసలమ్మ వీధిన పడుతుంది. గుడికి పోకుండా ఆసుపత్రి దగ్గర దిగాను.

అమోసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక మెట్టు వదిలి కూర్చున్నాను. పలక మీద నీ పేరు నేను రాయను తమ్ముడూ అన్నాను. కానీ రేపు గది ఖాళీ చేయిస్తున్నారు, సాయంత్రంలోగా అయ్యగారితో మాత్రం డాక్టరు మాట చెప్పక తప్పదు, నువ్వే చెబితే మంచిది అన్నాను. కొడతాడేమో అని కూడా భయమేసింది. అతను ఏడుస్తూ చెప్పాడు. కొట్టువాడు అప్పుడే అన్నాడట, కళాయి పోయింది, నీళ్ళకి మాత్రమే వాడు భయ్యా అని. పండగ హడావిడిలో ఆ మాటే మర్చిపోయి, గుడిలోంచి ఎండలోకి వచ్చేవాళ్ళకి త్వరగా అందుతుందని ఆరాధన జరుగుతుండగానే కుండలన్నీ అందులో గుమ్మరించాడు. మొదటి గ్లాసు తన కూతురికే ఇచ్చాడు. పిల్ల పడిపోయిన క్షణంలోనే కొట్టువాడి మాట గుర్తొచ్చిందట. ఆ భయంతోనే అంత పెద్దగా రాశాడు.

“అక్కా, నువ్వు గనక నా పేరు రాసుంటే, నేను కాదని పిల్ల మీద ఒట్టేసేవాణ్ణి,” అన్నాడు.

ఆదివారం ఆరాధన అవ్వగానే అతనే పలక దగ్గరికి నడిచాడు. నా రాత చూసి ఆ మొదటి మాటే రాశాడు: “మజ్జిగ గురించి నేను చూసినంత వరకు.” కొట్టువాడి మాటా, గంగాళమూ, మొత్తం రాసి, సువార్తమ్మగారి మీద తను రాసింది తప్పని కూడా రాసి సంతకం పెట్టాడు. కోటయ్యగారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. గది ఊసు ఇక ఎత్తలేదు.

అయిపోయిందనుకున్నాను. అవలేదండీ. నా వెనకే గొణుగుడు మొదలైంది. ఇన్నాళ్ళు ముసలిదాన్ని తిట్టించాడు, వీణ్ణి సంఘంలోంచి వెలెయ్యాలి అని. సువార్తమ్మగారిని తిట్టిన గొంతులే. ఒకతను అప్పటికే పెన్ను తీసి పలక వైపు నడిచాడు. అమోసు గోడకి ఆనుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

అప్పుడు సువార్తమ్మగారు వెనక గదిలోంచి వచ్చింది. అమోసు రాసింది ఎవరో చదివి వినిపించారట. నేరుగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఇంకా బూడిద ఉంది.

“అమ్మాయ్, నాకు రాయడం రాదు. నేను చెబుతా, నువ్వు రాయి,” అంది.

పెన్ను పట్టుకున్నతను పక్కకి జరిగాడు. ఆవిడ చెప్పింది, నేను రాశాను: “అమోసు గురించి నేను చూసినంత వరకు. ఆ రోజు కుండలన్నీ ఒక్కడే మోశాడు. జనం దాహంతో ఉన్నారని మోశాడు. పిల్ల పడిపోతే ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరిగెత్తాడు. పిల్ల ఇంటికొచ్చేదాకా అతన్ని ఏమీ అనొద్దని వేడుకుంటున్నాను. సువార్త, బాపట్ల.” కింద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత ఎవరూ రాయలేదు. ఎదురుగా ఆవిడ నిలబడి ఉంటే ఏమని రాస్తారు!

హెప్సిబా నిన్న గంజి తాగిందట. నా రిపోర్టులు ఇంకా రాలేదు, మేట్రన్ కబురు పెట్టలేదు. ఏం తేలుతుందో తెలియదు. భయం పోయిందని రాస్తే మీరు సంతోషిస్తారు గానీ, పోలేదు. ఆదివారం ఆ పలక మీద చెయ్యి ఎంత వణికిందో, ఇప్పుడు మీకు రాస్తుంటే అంతే వణుకుతోంది, అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది. వణుకుతూనే రాయొచ్చని మాత్రం తెలిసింది.

సువార్తమ్మగారు చాప మళ్ళీ పరిచింది. మీరు వచ్చినప్పుడు కూర వండి పెడుతుందట.

మీ
జయ